1/t కింది వైశాల్యం గుణకారాన్ని కూడికగా ఎలా మారుస్తుంది?

ఇంటర్మీడియట్‌లో సమాకలనం పాఠం తెరవగానే కనిపించే మొదటి సూత్రం tⁿ గురించి. దాని సమాకలని tⁿ⁺¹/(n+1). పక్కనే చిన్న షరతు ఒకటి ఉంటుంది: n ≠ −1. కారణం తెలిసిందే, n విలువ −1 అయితే హారంలో సున్నా వచ్చి కూర్చుంటుంది. ఆ ఒక్క సందర్భానికి పట్టికలో తర్వాతి వరుసలో వేరే జవాబు ఉంటుంది: ∫ dt/t = log |t|. దాన్ని కంఠస్థం చేసి అందరూ ముందుకు సాగిపోతారు.

నిజానికి ఆగి ఆశ్చర్యపోవలసిన చోటు అది. t², t, 1/t², 1/t³ ఇలా ఏది తీసుకున్నా ఘాతాల జవాబు ఘాతాల్లోనే వస్తోంది. వీటన్నిటి మధ్యలో ఉన్న ఒక్క 1/t దగ్గర మాత్రం, పెద్ద గుణకారాలను తేలిక చేయడానికి పుట్టిన సంవర్గమానం ఎక్కడి నుంచి ఊడిపడింది? వక్రరేఖ కింది వైశాల్యానికీ గుణకారానికీ చుట్టరికం ఏమిటి?

పాఠ్యపుస్తకం సాధారణంగా నడిచే దారి ఇది. ముందు aˣ అనే ప్రమేయాన్ని పరిచయం చేస్తుంది, తర్వాత దాని విలోమాన్ని సంవర్గమానం అంటుంది, ఆ తర్వాత దాని అవకలజం 1/x అని రుజువు చేస్తుంది. దారి సాఫీగానే కనిపిస్తుంది కానీ రెండుచోట్ల గోతుల మీద గడ్డి కప్పి ఉంది. 2³ అంటే మూడు రెళ్లను గుణించడం, 2 ఘాతం 1/2 అంటే వర్గమూలం. మరి 2 ఘాతం √2 అంటే? √2 సార్లు గుణించడమనే మాటకు అర్థం లేదు. రెండోది, aˣ అవకలజం కనుక్కోవాలంటే h సున్నాకు చేరుతున్నప్పుడు (aʰ − 1)/h కు అవధి ఉందని ముందుగా చూపాలి. చాలా పుస్తకాలు అది ఉందని చెప్పి ఊరుకుంటాయి, చూపవు.

అందుకే కలన గణితాన్ని కాస్త గట్టిగా చెప్పే పుస్తకాలు దారిని తిరగేస్తాయి. ఘాతాల గురించి ఏమీ తెలియనట్టు నటించి, వైశాల్యంతో మొదలుపెడతాయి. x ఏదైనా ధన సంఖ్య అయితే

ln x = ∫₁ˣ dt/t

ఇదే నిర్వచనం. y = 1/t అనే వక్రరేఖ కింద, t = 1 నుంచి t = x వరకు, అడుగున అక్షం దాకా ఉన్న వైశాల్యానికి ln x అని పేరు పెట్టాం. t సున్నా కంటే పెద్దదిగా ఉన్నంతవరకు 1/t అవిచ్ఛిన్నం, కాబట్టి ఆ వైశాల్యం తప్పకుండా ఉంటుంది. ఇక్కడ ఘాతం లేదు, ఆధారం లేదు, e లేదు.

నిర్వచనం నుంచి మూడు విషయాలు వెంటనే రాలి పడతాయి. ln 1 = 0, ఎందుకంటే 1 నుంచి 1 దాకా వెడల్పే లేదు. x విలువ 1 కంటే తక్కువైతే మనం కుడి నుంచి ఎడమకు నడుస్తున్నాం, కాబట్టి సమాకలనం రుణం అవుతుంది. ln (1/2) రుణ సంఖ్య కావడానికి కారణం అంతే. ఇక కలన గణిత ప్రాథమిక సిద్ధాంతం ప్రకారం ln x అవకలజం 1/x. అది ఎప్పుడూ ధనమే, అందువల్ల ln ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది.

ఇంతవరకు మన దగ్గర ఉన్నది ఒక వైశాల్యం, దానికి తగిలించిన పేరు. ఆ పేరుకు అది తగినదేనా అన్నది వేరే ప్రశ్న. సంవర్గమానం అనిపించుకోవాలంటే గుణకారాన్ని కూడికగా మార్చాలి. అంటే a, b ధన సంఖ్యలైతే ln(ab) = ln a + ln b అని వైశాల్యం నుంచే రుజువు కావాలి. ఘాతాల నియమాలను ఇక్కడ వాడకూడదు, అవి మన దగ్గర ఇంకా లేవు. ఈ రుజువు రాయమంటే చాలామంది "a = eᵖ, b = e^q అనుకుందాం" అని మొదలుపెడతారు. ఘాతాల దారిలో అది తప్పు కాదు. ఈ దారిలో మాత్రం, రుజువు చేయవలసినదాన్నే ఊహించుకున్నట్టు అవుతుంది.

అక్షరాలకు ముందు అంకెలతో చూద్దాం. a = 3, b = 2 తీసుకుందాం. ln 6 అంటే 1 నుంచి 6 వరకు ఉన్న వైశాల్యం. దాన్ని 3 దగ్గర నిలువుగా కోస్తే రెండు ముక్కలవుతుంది. 1 నుంచి 3 వరకు ఉన్నది ln 3. మిగిలినది 3 నుంచి 6 వరకు ఉన్న ముక్క. అది ln 2 కు, అంటే 1 నుంచి 2 వరకు ఉన్న ముక్కకు సమానమని తేలితే పని పూర్తయినట్టే. ఒకటి వెడల్పుగా, పొట్టిగా ఉంది. రెండోది ఇరుకుగా, పొడుగ్గా ఉంది. చూపులకు పోలిక లేని ఈ రెండూ సమానమా?

1 నుంచి 2 వరకు ఉన్న దూరాన్ని నాలుగు సమాన భాగాలు చేసి, ప్రతి భాగం మీదా దాని ఎడమ అంచు దగ్గరి ఎత్తుతో ఒక దీర్ఘచతురస్రం నిలబెడదాం. ప్రతిదాని వెడల్పూ 0.25. ఎడమ అంచులు 1, 1.25, 1.5, 1.75. అక్కడ ఎత్తులు వరుసగా 1, 0.8, 0.6667, 0.5714. వైశాల్యాలు 0.25, 0.2, 0.1667, 0.1429.

ఇప్పుడు 3 నుంచి 6 వరకు అదే పని చేద్దాం. ప్రతి భాగం వెడల్పు 0.75. ఎడమ అంచులు 3, 3.75, 4.5, 5.25. ఎత్తులు 0.3333, 0.2667, 0.2222, 0.1905. వెడల్పుతో గుణిస్తే వచ్చే వైశాల్యాలు 0.25, 0.2, 0.1667, 0.1429.

మొత్తం కలిపాక సమానం కావడం కాదు, దీర్ఘచతురస్రానికి దీర్ఘచతురస్రం సరిపోయింది. ఇది యాదృచ్ఛికం కాదు. రెండో వరుసలోని ప్రతి దీర్ఘచతురస్రం మొదటి వరుసలోని దానికంటే సరిగ్గా మూడింతలు వెడల్పు. అది నిలబడిన చోటు సున్నా నుంచి మూడింతలు దూరం, కాబట్టి 1/t ప్రకారం దాని ఎత్తు సరిగ్గా మూడో వంతు. పొడవు మూడింతలై వెడల్పు మూడో వంతైన పొలం విస్తీర్ణం ఎంత ఉండేదో అంతే ఉంటుంది కదా, ఇదీ అంతే. నాలుగు భాగాలకు బదులు నలభై చేసినా, నాలుగు వేలు చేసినా జత తప్పదు. భాగాలు సన్నబడేకొద్దీ రెండు మొత్తాలూ ఒకే సంఖ్యల మీదుగా నడుస్తాయి, కాబట్టి వాటి అవధులు కూడా ఒకటే.

ఎడమ అంచుల మొత్తం 0.7595. వక్రరేఖ కిందికి దిగుతోంది కాబట్టి ఇది అసలు వైశాల్యం కంటే ఎక్కువ. కుడి అంచుల ఎత్తులు తీసుకుంటే మొత్తం 0.6345, ఇది తక్కువ. అసలు ln 2 వీటి మధ్యలో ఎక్కడో ఉంది. రెండింటి సగటు 0.6970, నిజమైన విలువ 0.6931. నాలుగు ముక్కలతో ఇంత దగ్గరికి రావడం చెడ్డ బేరం కాదు. ఈ రెండు హద్దులూ ముందు పనికివస్తాయి, గుర్తుంచుకోండి.

ఇప్పుడు అదే మాటను a, b లతో రాస్తే రుజువు తయారవుతుంది. ముందుగా కోత:

ln(ab) = ∫₁ᵃ dt/t + ∫ₐᵃᵇ dt/t

మొదటి ముక్క ln a. రెండో ముక్కలో t = au అని ప్రతిక్షేపిద్దాం. అప్పుడు dt = a du. t విలువ a అయినప్పుడు u = 1, t విలువ ab అయినప్పుడు u = b. కాబట్టి

∫ₐᵃᵇ dt/t = ∫₁ᵇ (a du)/(au) = ∫₁ᵇ du/u = ln b

రుజువు అయిపోయింది. లవంలో ఉన్న a వెడల్పు పెరగడాన్ని చెబుతుంది, హారంలో ఉన్న a ఎత్తు తగ్గడాన్ని చెబుతుంది. రెండూ కొట్టివేసుకోవడమే దీర్ఘచతురస్రాల్లో మనం చూసినది.

పరీక్షల్లో ఇక్కడ దొర్లే పొరపాట్లు ముఖ్యంగా రెండు. ఒకటి, చరరాశిని మార్చి హద్దులను పాతవే ఉంచేయడం. అప్పుడు 3 నుంచి 6 వరకు du/u అనే మొదటి సమాకలనమే మళ్లీ ఎదురొస్తుంది, ఒక్క అడుగూ ముందుకు పడదు. రెండోది, dt = a du లో a ను మింగేయడం. అప్పుడు 3 నుంచి 6 వరకు ఉన్న వైశాల్యం 0.6931 లో మూడో వంతు, అంటే 0.231 అని వస్తుంది. ఇది తప్పని పట్టుకోవడానికి పుస్తకం చూడనక్కరలేదు. ఆ మధ్యలో 1/t ఎక్కడా 1/6 కంటే తగ్గదు, వెడల్పు 3. కాబట్టి వైశాల్యం కనీసం 0.5 ఉండి తీరాలి. 0.231 అసాధ్యం.

ఈ సౌకర్యం 1/t కు మాత్రమే ఉందా, మరే వక్రరేఖకైనా ఉందా? 1/t² తో పరీక్షిస్తే, 1 నుంచి 2 వరకు వైశాల్యం 1/2, 3 నుంచి 6 వరకు 1/6. వెడల్పు మూడింతలైతే ఎత్తు తొమ్మిదో వంతుకు పడిపోయింది, లెక్క చెడింది. ఇంకేదైనా f(t) ఉందేమో అని ఒక్కొక్కటీ వెతకనక్కరలేదు. f అవిచ్ఛిన్నమై, a నుంచి ab వరకు దాని వైశాల్యం ఎప్పుడూ 1 నుంచి b వరకు ఉన్నదానితో సమానం అనుకుందాం. a ను కదలకుండా ఉంచి రెండు వైపులా b పరంగా అవకలనం చేస్తే

a·f(ab) = f(b)

అని వస్తుంది. ఇందులో b = 1 పెడితే f(a) = f(1)/a. అంటే అలాంటి వక్రరేఖ స్థిరాంకం రెట్లు 1/t తప్ప మరొకటి కాజాలదు. ఆ స్థిరాంకమే సంవర్గమానం ఆధారాన్ని నిర్ణయిస్తుంది. దాన్ని 1 అనుకుంటే మన ln, 1/(ln 10) అనుకుంటే పాత లాగ్ పట్టికల్లోని పది ఆధారంగా గల సంవర్గమానం. మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే అనుకుంటాను. సాగదీసినప్పుడు వైశాల్యం మారని వక్రరేఖ ఒక్కటే ఉంది. కాబట్టి గుణకారాన్ని కూడికగా మార్చే వైశాల్యం దాని కిందే దొరకాలి.

పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది మరో రుజువు. అది అవకలజం మీద నడుస్తుంది. a ను స్థిరంగా ఉంచి g(x) = ln(ax) అనుకుందాం. శృంఖల నియమం ప్రకారం

g′(x) = a · 1/(ax) = 1/x

ఇది ln x అవకలజం కూడా. ఒకే అవకలజం ఉన్న రెండు ప్రమేయాల మధ్య తేడా స్థిరాంకం, కాబట్టి ln(ax) = ln x + C. x = 1 పెడితే C = ln a. x = b పెడితే మనకు కావలసిన సూత్రం.

రెండు వాక్యాల్లో ముగిసే ఈ రుజువు అందంగానే ఉంటుంది, కానీ నాకు మొదటిదే ఎక్కువ నచ్చుతుంది. రెండోది సూత్రం నిజమని ఒప్పిస్తుంది తప్ప ఎందుకు నిజమో కళ్లకు కట్టదు. పైగా ln(5x) అవకలజం 1/(5x) కాకుండా 1/x కావడం చాలామందికి మింగుడుపడదు. x ఒక అడుగు కదిలితే 5x ఐదడుగులు కదులుతుంది, అక్కడ వక్రరేఖ ఎత్తు ఐదో వంతే ఉంటుంది. మళ్లీ అదే వెడల్పు, అదే ఎత్తు. చూడగలిగితే రెండు రుజువులూ ఒకటే.

ఈ రెండో రుజువులో కంటికి ఆనని షరతు ఒకటి ఉంది. "తేడా స్థిరాంకం" అనే మాట తెగిపోని ఒకే అంతరం మీదే చెల్లుతుంది. ధన సంఖ్యలన్నీ ఒకే ముక్కగా ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. రుణ సంఖ్యలను కలుపుకోవాలంటే మధ్యలో సున్నా అడ్డు వస్తుంది. 1 నుంచి −2 దాకా సమాకలనం చేయాలంటే సున్నాను దాటాలి, అక్కడ 1/t హద్దు లేకుండా పైకి లేస్తుంది, వైశాల్యం అనంతమవుతుంది. కాబట్టి ln(−2) కు ఈ నిర్వచనంలో చోటు లేదు. (−2)(−3) = 6 అయినంత మాత్రాన ln 6 ను ln(−2) + ln(−3) గా విడగొట్టడానికి వీల్లేదు. ln |ab| = ln |a| + ln |b| అని రాయవచ్చు, పట్టికలో నిలువు గీతలు ఉన్నది అందుకే.

ఒకటి కంటే చిన్న సంఖ్యల విషయంలో మాత్రం సూత్రానికి ఏ మినహాయింపూ అక్కర్లేదు. a = 6, b = 1/3 తీసుకుంటే ab = 2. ముందు 1 నుంచి 6 దాకా నడిచి వైశాల్యం కూడగట్టుకున్నాం, తర్వాత 6 నుంచి 2 దాకా వెనక్కి నడిచి కొంత తిరిగి ఇచ్చేశాం. తిరిగి ఇచ్చినది 2 నుంచి 6 వరకు ఉన్న ముక్క. అది 1 నుంచి 3 వరకు ఉన్న ముక్కను రెండింతలు సాగదీసినదే, అంటే ln 3. కాబట్టి ln 2 = ln 6 − ln 3. ln (1/3) = −ln 3 అన్న సంగతి కూడా అందులోనే ఉంది.

గుణకార సూత్రం చేతికి వచ్చాక మిగతా ఇల్లు కట్టడం తేలిక. ln(a²) = 2 ln a, అలాగే ln(aⁿ) = n ln a. a కు q-వ మూలం c అనుకుంటే q ln c = ln a. కాబట్టి భిన్న ఘాతాలకూ ఇదే నియమం. ఇక ln ఎంత దూరం పెరుగుతుంది? 1/t సున్నాకు దగ్గరవుతోంది కదా, వైశాల్యం ఎక్కడో ఆగిపోవచ్చని అనుమానం రావడం సహజం. 1/t² కింద నిజంగానే అది ఆగిపోతుంది, 1 ని ఎన్నడూ దాటదు. ln మాత్రం ఆగదు. 2ⁿ దగ్గర దాని విలువ n ln 2, అది 0.63 n కంటే ఎక్కువ. n ను పెంచుకుంటూ పోతే ఎంత పెద్ద సంఖ్యనైనా దాటవచ్చు. ఎడమవైపు ఇదే లెక్క రుణంగా సాగుతుంది.

అలా ఆగకుండా, తెగకుండా, ఎప్పుడూ పెరుగుతూ పోయే ప్రమేయం ప్రతి వాస్తవ సంఖ్యనూ ఒక్కసారి తాకుతుంది. అది 1 ని తాకే చోటుకే e అని పేరు. మన నాలుగు దీర్ఘచతురస్రాల ప్రకారం ln 2 విలువ 0.7595 కంటే తక్కువ, కాబట్టి 1 ఇంకా రాలేదు. ln 4 = 2 ln 2, అది 1.269 కంటే ఎక్కువ, కాబట్టి 1 దాటిపోయింది. అందువల్ల e విలువ 2 కు, 4 కు మధ్య ఉంది. భాగాలు పెంచుకుంటూ పోతే 2.718 దగ్గరికి చేరతాం.

2 ఘాతం √2 అంటే ఏమిటో కూడా ఇప్పుడు నిర్మొహమాటంగా చెప్పవచ్చు. ఏ సంఖ్యకు ln విలువ √2 × ln 2 అవుతుందో ఆ సంఖ్య. అలాంటిది ఒకటి ఉంది, ఒక్కటే ఉంది. aˣ · aʸ = aˣ⁺ʸ అనే నియమాన్ని ఊహించుకోనక్కరలేదు. ఎడమవైపు ln తీసుకుంటే గుణకార సూత్రం వల్ల x ln a + y ln a, కుడివైపు (x + y) ln a. రెండూ ఒకటే. అవకలజం కూడా అంతే సులువు. y = aˣ అయితే ln y = x ln a, కాబట్టి y′/y = ln a. (2ʰ − 1)/h కు అవధి ఉందా అన్న చిక్కు ఇక్కడ విడిపోయింది. ఆ అవధి 1 నుంచి 2 వరకు 1/t కింద ఉన్న వైశాల్యమే.

చరిత్ర కూడా దాదాపు ఇలా వెనుక నుంచే నడిచింది. జాన్ నేపియర్ 1614లో సంవర్గమానాలను ప్రచురించినప్పుడు ఆయన మనసులో వైశాల్యం లేదు, e కూడా లేదు. కదిలే రెండు బిందువుల వేగాలను పోల్చి పట్టికలు కట్టాడు. 1647లో గ్రెగరీ సెయింట్ విన్సెంట్ అనే జెసూట్ గురువు ఒక బృహద్గ్రంథం వేశాడు. వృత్తానికి సమానమైన చతురస్రాన్ని గీశానని అందులో ఆయన చెప్పుకున్నది తప్పు. 1651లో హైగెన్స్ ఆ తప్పును పట్టుకున్నాడు. అదే పుస్తకంలో అతిపరావలయం, అంటే మన 1/t లాంటి వక్రరేఖ, దాని కింది వైశాల్యాల గురించి మాత్రం అసలైన నిధి ఉంది. అక్షం మీద దూరాలు గుణశ్రేఢిలో ఉంటే, ఉదాహరణకు 1, 2, 4, 8, వాటి మధ్య ముక్కలన్నీ సమాన వైశాల్యంతో ఉంటాయని ఆయన చూపాడు. మనం పైన చూసిన సాగదీతే ఇది. దూరాలు గుణకారంతో పెరుగుతుంటే వైశాల్యాలు కూడికతో పెరుగుతున్నాయి, అంటే ఇది సంవర్గమానమే అని బయటికి చెప్పినవాడు మరో జెసూట్, అల్ఫోన్స్ ఆంటోనియో డి సరాసా, 1649లో.

ఈ సూత్రాన్ని పనిముట్టుగా ఎలా వాడాలో చూడాలంటే న్యూటన్ దగ్గరికి వెళ్లాలి. ప్లేగు భయంతో 1665లో కేంబ్రిడ్జి వదిలిన న్యూటన్, లింకన్‌షైర్‌లోని బూత్‌బీలో కూర్చుని అతిపరావలయం వైశాల్యాన్ని 52 అంకెల దాకా లెక్కగట్టాడు. ఆయన దగ్గర ఉన్నది శ్రేణి:

ln(1 + x) = x − x²/2 + x³/3 − x⁴/4 + …

1/(1 + x) ను 1 − x + x² − … గా రాసి పదానికి పదం సమాకలనం చేస్తే వచ్చేది ఇది. ln 2 కావాలంటే x = 1 పెట్టవచ్చు. కానీ 1 − 1/2 + 1/3 − 1/4 + … నత్తనడక. వంద పదాలు కలిపినా మూడో దశాంశస్థానంలో తేడా మిగిలి ఉంటుంది. అదే x విలువ 0.1 లేదా 0.2 అయితే పదాలు జారుడుబండ మీద నుంచి జారినట్టు చిన్నవైపోతాయి.

అందుకని 2 ను నేరుగా ముట్టుకోకుండా, 1 కి పక్కనే ఉన్న సంఖ్యలతో దాన్ని కట్టాడు:

2 = (1.2 × 1.2)/(0.8 × 0.9)

పైన 1.44, కింద 0.72. గుణకార సూత్రం వల్ల ln 2 = 2 ln 1.2 − ln 0.8 − ln 0.9. శ్రేణిలో x = 0.2 పెట్టి మొదటి ఆరు పదాలు కలిపితే 0.2 − 0.02 + 0.002667 − 0.0004 + 0.000064 − 0.000011, అంటే ln 1.2 = 0.1823. x = −0.2 తో ln 0.8 = −0.2231. x = −0.1 తో ln 0.9 = −0.1054. ఇక 0.3646 + 0.2231 + 0.1054 = 0.6931. కాగితం, పెన్సిలు ఉంటే పది నిమిషాల పని.

అక్కడి నుంచి 3 = (1.2 × 2)/0.8 కాబట్టి ln 3 = 0.1823 + 0.6931 + 0.2231 = 1.0985. ఇక్కడ నాలుగో స్థానంలో ఒకటి తేడా వచ్చింది, అసలు విలువ 1.0986. నాలుగు స్థానాలకే గుండ్రం చేసుకుంటూ పోతే ఇలా చివరి అంకె కొరుక్కుపోతుంది, అందుకే మొదట్లోనే రెండు మూడు అంకెలు ఎక్కువ ఉంచుకోవాలి. ఆరేసి అంకెలు ఉంచుకుంటే 10 = (2 × 2 × 2)/0.8 నుంచి ln 10 = 2.079442 + 0.223144 = 2.302586, అంటే 2.3026 సరిగ్గా వస్తుంది. 7 మాత్రం వీటిలో దేనితోనూ దొరకదు. దానికి మరో చిన్న వైశాల్యం కావాలి: 0.98 = (2 × 7 × 7)/100. x = −0.02 తో శ్రేణిలో రెండు పదాలు చాలు, ln 0.98 = −0.0202. అప్పుడు 2 ln 7 = 4.6052 − 0.6931 − 0.0202 = 3.8919, కాబట్టి ln 7 = 1.9459.